నైట్రో గ్రూపు ఏ స్థానంలో చేరుతుంది? ప్రధాన ఉత్పన్నాన్ని కాగితం మీదే తేల్చుకునే పద్ధతి

"ఆర్థో–పారా గ్రూపుల జాబితా, మెటా గ్రూపుల జాబితా రెండూ నోటికి వచ్చు. అయినా ప్రశ్న చూడగానే తప్పు రాస్తున్నాను, ఎందుకు?" ఈ ప్రశ్న నాకు ఏటా ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. కారణం జాబితాలోనే ఉంది. అందులో –NHCOCH₃ ఒక చోట, –CONH₂ మరో చోట కనిపిస్తాయి. రెండింటిలోనూ నైట్రోజన్ ఉంది, కార్బొనైల్ ఉంది. పరీక్ష హడావిడిలో ఒకటి మరొకటిగా కనబడుతుంది. పైగా ఆమ్లంలో పడ్డాక గ్రూపు రూపమే మారిపోవచ్చన్న సంగతి జాబితా చెప్పదు.

అందుకే ఇక్కడ జాబితా ఇవ్వడం లేదు. ఏ సమ్మేళనం ఇచ్చినా ఒకే వరసలో వేసుకోవలసిన ప్రశ్నలు ఇస్తున్నాను. చర్య మాత్రం నైట్రేషన్ ఒక్కటే తీసుకున్నాను. గాఢ నైట్రిక్ ఆమ్లం, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపితే NO₂⁺ అయాన్ ఏర్పడుతుంది, వలయం మీద దాడి చేసేది అదే. ఇంతకు మించిన సిద్ధాంతం మొదట్లో అవసరం లేదు.

కావలసినవి

ఒక కాగితం, పెన్సిలు, రబ్బరు. బెంజీన్ వలయాన్ని ఆరు కార్బన్లకూ అంకెలు వేసి గీయగలగాలి. ఇచ్చిన గ్రూపు పూర్తి నిర్మాణాన్ని, అంటే ఏ పరమాణువుకు ఏది అతుక్కుందో, విడదీసి రాయగలగాలి. –COOCH₃ అని పొట్టిగా రాసి ఊరుకుంటే సగం తప్పులు అక్కడే పుడతాయి. ప్రయోగశాలలో సరిచూసుకునే అవకాశం ఉన్నవారికి ద్రవీభవన స్థానం కొలిచే పరికరం కూడా కావాలి.

1. వలయాన్ని తాకుతున్న పరమాణువును గుర్తించండి

గ్రూపు పేరు చదవకండి. వలయంలోని కార్బన్‌కు నేరుగా అతుక్కున్న ఒక్క పరమాణువు మీద వేలు పెట్టండి. దాన్ని ఈ మూడు ప్రశ్నలు అడగండి.

దాని మీద ఒంటరి ఎలక్ట్రాన్ జంట ఉందా? –OH, –OCH₃, –NH₂, –NHCOCH₃, –OCOCH₃, –Cl, –Br అన్నీ ఈ కోవలోకి వస్తాయి. ఇవి ఆర్థో–పారా స్థానాలకు దారి చూపుతాయి.

అది మామూలు ఆల్కైల్ కార్బనా, లేక మరో బెంజీన్ వలయమా? అయితే ఇది కూడా ఆర్థో–పారాయే.

దాని మీద ధనావేశం ఉందా, లేదా అది ఆక్సిజన్‌తోనో నైట్రోజన్‌తోనో ద్విబంధం, త్రిబంధం కట్టుకుని ఉందా? –NO₂, –COOH, –CHO, –COCH₃, –CN, –SO₃H, –N(CH₃)₃⁺ లాంటివి ఇవి. ఇవి మెటా స్థానానికి పంపుతాయి.

ఇప్పుడు పై చిక్కు విడిపోతుంది. –NHCOCH₃లో వలయాన్ని తాకేది ఒంటరి జంట ఉన్న నైట్రోజన్. –CONH₂లో తాకేది ఆక్సిజన్‌తో ద్విబంధం ఉన్న కార్బన్. మొదటిది ఆర్థో–పారా, రెండోది మెటా.

హెచ్చరిక: "తాకే పరమాణువుకు ద్విబంధం ఉంటే మెటా" అని కుదించి గుర్తుపెట్టుకోకండి. ద్విబంధం ఆక్సిజన్‌తోనో నైట్రోజన్‌తోనో ఉండాలి. సిన్నమిక్ ఆమ్లంలో వలయాన్ని తాకే కార్బన్‌కు ద్విబంధం మరో కార్బన్‌తో ఉంది. ఆ చివర –COOH ఉన్నా నైట్రో గ్రూపు ఆర్థో–పారా స్థానాలకే వెళుతుంది. మరో మినహాయింపు –CF₃. చూడటానికి ఆల్కైల్ గ్రూపులా ఉంటుంది కానీ, మూడు ఫ్లోరిన్లు ఎలక్ట్రాన్లను లాగేయడం వల్ల మెటా నిర్దేశకంగా పనిచేస్తుంది.

2. ఆమ్లంలో ఆ గ్రూపు ఏ రూపంలో ఉంటుందో చూడండి

చాలామంది దాటేసే మెట్టు ఇదే. మీరు కాగితం మీద గీసిన అణువు, ఫ్లాస్కులో NO₂⁺ ఎదుర్కొనే అణువు ఒకటే కాకపోవచ్చు.

అనిలీన్‌నే తీసుకోండి. –NH₂ మీద ఒంటరి జంట ఉంది కాబట్టి ఆర్థో, పారా అని రాసేస్తాం. నిజంగా నైట్రేషన్ జరిపితే పారా సుమారు 51 శాతం, మెటా 47 శాతం, ఆర్థో 2 శాతం వస్తాయి. దాంతోపాటు ఆక్సీకరణ జరిగి తారు లాంటి నల్లటి ముద్ద కూడా మిగులుతుంది. మెటా అంత ఎలా వచ్చింది? గాఢ ఆమ్లంలో –NH₂ ఒక ప్రోటాన్‌ను పట్టుకుని –NH₃⁺ అయిపోయింది. ఒంటరి జంట ఆ ప్రోటాన్‌తో బంధానికి ఖర్చయింది, పైగా నైట్రోజన్ మీద ధనావేశం చేరింది. N,N-డైమిథైల్ అనిలీన్‌ను సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నైట్రేషన్ చేసినా ఇదే కారణంగా ఎక్కువగా మెటా ఉత్పన్నమే చేతికి వస్తుంది.

కాబట్టి అమీన్ కనబడగానే ఆగి, అది స్వేచ్ఛగా ఉందా, ఎసిటైల్ తొడుగు వేసి ఉందా అని చూడండి. ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌తో చర్య జరిపి ఎసిటనిలైడ్‌గా మారిస్తే నైట్రోజన్ మీది ఒంటరి జంటలో కొంత భాగం కార్బొనైల్ వైపు మళ్లుతుంది. క్షారత్వం బాగా తగ్గిపోయి, అది ప్రోటాన్‌ను సులువుగా పట్టుకోదు. అయినా వలయానికి ఇవ్వడానికి ఎలక్ట్రాన్లు మిగిలే ఉంటాయి. అప్పుడు ప్రధాన ఉత్పన్నం పారా-నైట్రో ఎసిటనిలైడ్. తర్వాత ఎసిటైల్ గ్రూపును జలవిశ్లేషణతో తీసేస్తే పారా-నైట్రో అనిలీన్ మిగులుతుంది.

ఫినాల్ విషయంలో చిక్కు వేరు. అది మరీ చురుకైనది. విలీన నైట్రిక్ ఆమ్లమే చాలు, ఆర్థో, పారా నైట్రోఫినాల్‌లు రెండూ వస్తాయి. గాఢ ఆమ్లాల మిశ్రమం వాడితే చర్య ఒక నైట్రో గ్రూపు దగ్గర ఆగదు, ఆక్సీకరణ కూడా తోడవుతుంది. ప్రశ్నలో "విలీన" అనే మాట ఉందో లేదో చూడకుండా ఫినాల్ జవాబు రాయకండి.

3. ధనావేశం ఎక్కడ పడుతుందో గీయండి

పై రెండు మెట్లతో జవాబు తొంభై పాళ్లు వచ్చేసినట్టే. అయినా అనుమానం ఉన్నప్పుడు, లేదా పరీక్షలో కారణం అడిగినప్పుడు, ఈ చిన్న లెక్క పనికొస్తుంది. నేనైతే ప్రతిసారీ వేసుకుంటాను. అర నిమిషం కూడా పట్టదు.

NO₂⁺ ఒక కార్బన్‌తో బంధం ఏర్పరచుకోగానే వలయం మీద ధనావేశం మిగులుతుంది. అది మూడు చోట్లే ఉండగలదు: దాడి జరిగిన కార్బన్‌కు రెండు పక్కలా ఉన్న కార్బన్ల మీద, సరిగ్గా ఎదురుగా ఉన్న కార్బన్ మీద. ఈ వాక్యం ఒక్కటి గుర్తుంటే చాలు.

గ్రూపు 1వ కార్బన్ మీద ఉందనుకోండి. ఇప్పుడు మూడు దాడులనూ విడివిడిగా చూద్దాం.

2వ కార్బన్ మీద దాడి జరిగితే ధనావేశం 1, 3, 5 కార్బన్ల మీద ఉంటుంది.

3వ కార్బన్ మీద దాడి జరిగితే 2, 4, 6 మీద ఉంటుంది.

4వ కార్బన్ మీద దాడి జరిగితే 3, 5, 1 మీద ఉంటుంది.

1వ కార్బన్ పేరు ఎక్కడెక్కడ వచ్చిందో చూడండి. ఆర్థో, పారా దాడుల్లో ఉంది, మెటా దాడిలో లేదు. ఇక గ్రూపును ఒకే ప్రశ్న అడగాలి: నీ పక్కనే, నువ్వు కూర్చున్న కార్బన్ మీదికే ధనావేశం వస్తే నీకు ఇష్టమా, కష్టమా?

–OCH₃ అయితే తన ఒంటరి జంటను ఇచ్చి ఆ ధనావేశాన్ని తన మీదికి తీసుకుంటుంది. మిథైల్ గ్రూపుకు ఒంటరి జంట లేకపోయినా ఎలక్ట్రాన్లను అటు నెట్టి ఆవేశాన్ని కొంత తగ్గిస్తుంది. అందుకే రెండూ ఆర్థో–పారా. –NO₂లో నైట్రోజన్ మీద అప్పటికే ధనావేశం ఉంది. పక్క కార్బన్ మీద మరో ధనావేశం దానికి గిట్టదు. కాబట్టి ఆ అవస్థ లేని మెటా దాడి ఒక్కటే కాస్త నయం. నైట్రోబెంజీన్‌ను మళ్లీ నైట్రేషన్ చేస్తే సుమారు 93 శాతం మెటా వచ్చేది ఇందుకే.

"కాస్త నయం" అని కావాలనే అన్నాను. మెటా నిర్దేశకం మెటా స్థానాన్ని చురుకుపరుస్తుందని కొందరు రాస్తుంటారు. అది తప్పు. అది మూడు స్థానాలనూ మందగింపజేస్తుంది, ఆర్థో–పారాలను మరీ ఎక్కువగా. బెంజీన్‌తో పోలిస్తే టోలీన్ సుమారు 25 రెట్లు వేగంగా చర్య జరుపుతుంది. నైట్రోబెంజీన్ కోటి రెట్లకు పైగా నెమ్మది.

క్లోరిన్ దగ్గర వచ్చే గందరగోళం కూడా ఇక్కడే తీరుతుంది. క్లోరోబెంజీన్ బెంజీన్ కన్నా ముప్పై రెట్లు నెమ్మదిగా చర్య జరుపుతుంది. క్లోరిన్ ఎలక్ట్రాన్లను బంధం మీదుగా తన వైపు లాక్కుంటుంది కాబట్టి వలయం మొత్తం బలహీనపడుతుంది. కానీ 1వ కార్బన్ మీదికి ధనావేశం వచ్చినప్పుడు తన ఒంటరి జంటతో ఆదుకుంటుంది. ఆ సాయం ఆర్థో, పారా దాడులకే అందుతుంది. వేగాన్ని నిర్ణయించేది ఒకటి, స్థానాన్ని నిర్ణయించేది మరొకటి. "మందగింపజేసేవన్నీ మెటా" అని రాసుకున్న వాక్యం మీ నోటు పుస్తకంలో ఉంటే కొట్టేయండి.

4. ఆర్థోనా, పారానా?

ఇక్కడ నిజాయితీగా చెప్పాలంటే ఊహకు హద్దులున్నాయి. మెటా అయితే ఒక్క జవాబే. ఆర్థో–పారా అయితే రెండింటి మిశ్రమం వస్తుంది, ఏది ఎక్కువన్నది గ్రూపును బట్టి మారుతుంది.

ముందు ఒక సంగతి. ఆర్థో స్థానాలు రెండు, పారా స్థానం ఒకటి. అన్నీ సమానంగా ఉంటే ఆర్థో రెట్టింపు రావాలి. టోలీన్ నైట్రేషన్‌లో ఆర్థో సుమారు 58 శాతం, పారా 38 శాతం, మెటా 4 శాతం వస్తాయి. కాబట్టి "ఎప్పుడూ పారాయే ప్రధానం" అని టోలీన్‌కు రాస్తే తప్పు. అయితే ఒక్కో స్థానానికి లెక్క వేస్తే ఆర్థోకు 29, పారాకు 38. మిథైల్ లాంటి చిన్న గ్రూపు కూడా పక్క స్థానానికి కొంత అడ్డు పడుతోందన్నమాట.

అడ్డు పెరిగే కొద్దీ తూకం పారా వైపు మొగ్గుతుంది. మిథైల్ స్థానంలో టెర్షియరీ బ్యూటైల్ పెడితే ఆర్థో బాగా పడిపోయి పారా 70 శాతం దాటుతుంది. క్లోరోబెంజీన్‌లోనూ పారా సుమారు 70, ఆర్థో 30. అక్కడ అడ్డుతో పాటు క్లోరిన్ ఎలక్ట్రాన్లను లాగే గుణం కూడా దగ్గరి స్థానాన్ని ఎక్కువగా దెబ్బతీస్తుంది. ఎసిటనిలైడ్‌లోనూ పారాయే అధికం.

పరీక్ష కోసం ఇలా పెట్టుకోండి: టోలీన్, ఫినాల్‌లకు రెండు ఉత్పన్నాలూ రాయండి. పెద్ద గ్రూపులకు, హాలోజన్లకు, ఎసిటనిలైడ్‌కు పారా ప్రధానమని రాసి, పక్కన ఆర్థో కొద్దిగా అని చేర్చండి.

5. వలయం మీద రెండు గ్రూపులుంటే

రెండు గ్రూపులూ ఏ స్థానాలను చూపుతున్నాయో వేర్వేరు రంగులతో బాణాలు గీయండి. అప్పటికే నిండిన స్థానం మీద పడిన బాణాన్ని కొట్టేయండి. రెండు రంగులూ ఒకే చోట కలిస్తే జవాబు అదే. కలవకపోతే వలయాన్ని ఎక్కువ చురుకుపరిచే గ్రూపు మాట నెగ్గుతుంది. వరస స్థూలంగా ఇది: ఒంటరి జంటతో గట్టిగా ఆదుకునే నైట్రోజన్, ఆక్సిజన్ గ్రూపులు ముందు, తర్వాత ఆల్కైల్ గ్రూపులు, వాటి తర్వాత హాలోజన్లు, మెటా నిర్దేశకాలు చివర. చివరగా ఒక జాగ్రత్త: ఒకదానికొకటి మెటాలో ఉన్న రెండు గ్రూపుల మధ్య ఇరుక్కున్న స్థానంలోకి నైట్రో గ్రూపు సులువుగా దూరదు. మెటా-జైలీన్‌లో రెండు మిథైల్ గ్రూపులూ 2, 4, 6 స్థానాలను చూపుతాయి. ప్రధానంగా నిండేది 4వ స్థానం, మధ్యలోని 2వ స్థానం కాదు.

ఇప్పుడు ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా చేద్దాం. ఇది నాకు బాగా ఇష్టమైనది. ఎందుకంటే ఒకే పదార్థంతో మొదలై, మనం తీసుకునే ఒక్క నిర్ణయాన్ని బట్టి రెండు వేర్వేరు ఉత్పన్నాలు ఇస్తుంది.

పదార్థం పారా-టోలుడిన్. వలయం మీద 1వ కార్బన్ దగ్గర –NH₂, 4వ కార్బన్ దగ్గర –CH₃ ఉన్నాయి. దీన్ని నైట్రేషన్ చేయాలి.

మొదటి దారి: ముందు ఎసిటైల్ తొడుగు వేస్తాం. 1వ కార్బన్ మీద –NHCOCH₃ ఉంది. తాకే పరమాణువు నైట్రోజన్, ఒంటరి జంట ఉంది, ఆమ్లంలో ఆ రూపంలోనే నిలుస్తుంది. కాబట్టి అది 2, 4, 6 స్థానాలను చూపుతుంది. 4వ స్థానంలో మిథైల్ కూర్చుని ఉంది, ఆ బాణాన్ని కొట్టేద్దాం. మిథైల్ గ్రూపు తనకు ఆర్థో అయిన 3, 5 స్థానాలను చూపుతుంది, దాని పారా స్థానం 1 నిండిపోయింది. బాణాలు కలవలేదు. 2, 6 ఒక పక్షం, 3, 5 మరో పక్షం. నైట్రోజన్ మిథైల్ కన్నా గట్టిది కాబట్టి నైట్రో గ్రూపు 2వ స్థానానికి వెళుతుంది. 6వ స్థానం కూడా దానితో సమానమే, అణువును తిప్పి చూస్తే రెండూ ఒకటే. ఎసిటైల్ గ్రూపును తీసేశాక మిగిలేది 4-మిథైల్-2-నైట్రో అనిలీన్.

రెండో దారి: తొడుగు వేయకుండా పారా-టోలుడిన్‌ను నేరుగా గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి చల్లగా ఉంచి నైట్రేషన్ చేస్తాం. ఇప్పుడు 1వ కార్బన్ మీద ఉన్నది –NH₃⁺. అది మెటా నిర్దేశకం, 3, 5 స్థానాలను చూపుతుంది. మిథైల్ చూపేవీ 3, 5 స్థానాలే. బాణాలు కలిశాయి. ఆమ్లాన్ని తటస్థీకరించాక దొరికేది 4-మిథైల్-3-నైట్రో అనిలీన్.

రెండూ ఒకే అణు ఫార్ములా ఉన్న పదార్థాలు. ఏది వచ్చిందో తెలుసుకోవడం కష్టం కాదు. మొదటిది సుమారు 115–117 °C దగ్గర కరుగుతుంది, రెండోది 80 °C లోపే కరిగిపోతుంది. 2వ మెట్టును దాటేసి ఉంటే రెండు సందర్భాలకూ ఒకే జవాబు రాసి ఉండేవాళ్లం.

6. వలయాలు రెండు ఉంటే, ముందు వలయాన్ని ఎంచుకోండి

ఫినైల్ బెంజోయేట్ ఇచ్చి నైట్రేషన్ ఎక్కడ జరుగుతుందని అడిగితే తరగతిలో సగం మంది మెటా అంటారు. ఎస్టర్ అంటే మెటా అని వాళ్ల జాబితాలో ఉంది మరి. నిర్మాణాన్ని విడదీసి రాయండి: C₆H₅–CO–O–C₆H₅. ఎస్టర్ గ్రూపు ఒకటే, కానీ ఒక వలయాన్ని కార్బొనైల్ కార్బన్‌తోనూ, మరో వలయాన్ని ఆక్సిజన్‌తోనూ తాకుతోంది. ఎడమ వలయానికి అది మెటా నిర్దేశకం, వలయాన్ని బలహీనపరుస్తుంది. కుడి వలయానికి ఒంటరి జంట ఉన్న ఆక్సిజన్, ఆర్థో–పారా నిర్దేశకం. NO₂⁺ ఎలక్ట్రాన్లు ఎక్కువున్న వలయాన్నే వెతుక్కుంటుంది. కాబట్టి కుడి వలయం, అందులోనూ అడ్డు తక్కువైన పారా స్థానం. ఉత్పన్నం 4-నైట్రోఫినైల్ బెంజోయేట్.

దీన్ని సరిచూసే పద్ధతి కూడా చక్కగా ఉంటుంది. ఉత్పన్నాన్ని క్షారంతో జలవిశ్లేషణ చేయండి. మన ఊహ సరైనదైతే పారా-నైట్రోఫినాల్ విడుదలై, క్షార ద్రావణం ముదురు పసుపు రంగుకు తిరుగుతుంది. ఆమ్లీకరిస్తే ఆ రంగు వెలిసిపోతుంది, బెంజోయిక్ ఆమ్లం బయటపడుతుంది, శుద్ధి చేస్తే అది 122 °C వద్ద కరుగుతుంది. నైట్రో గ్రూపు ఎడమ వలయం మీదికి వెళ్లి ఉంటే మామూలు ఫినాల్, మెటా-నైట్రో బెంజోయిక్ ఆమ్లం వచ్చేవి. అప్పుడు పసుపు రంగు కనబడదు, ఆమ్లం 140 °C దగ్గర కరుగుతుంది.

7. చేతికి వచ్చినదాన్ని సరిచూడటం

కాగితం మీద ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. మీ జవాబులో నైట్రో గ్రూపు ఉన్న కార్బన్‌కు పక్కలా, ఎదురుగా ఉన్న మూడు కార్బన్లనూ చుట్టండి. చుట్టిన వాటిలో మెటా నిర్దేశక గ్రూపు ఉన్న కార్బన్ కనబడితే, ఆర్థో–పారా నిర్దేశక గ్రూపు ఉన్న కార్బన్ ఒక్కటీ లేకపోతే, ఎక్కడో పొరపాటు పడ్డారు.

ప్రయోగశాలలో మొదట చేసే ప్రయోగం తరచు మిథైల్ బెంజోయేట్ నైట్రేషన్. ఇందులో మెటా ఉత్పన్నం ఘనపదార్థం, శుద్ధమైనప్పుడు 78 °C వద్ద కరుగుతుంది. ఆర్థో ఐసోమర్ గది ఉష్ణోగ్రత వద్ద ద్రవం. అందుకే ముడి పదార్థం జిడ్డుగా, తడి ఇసుకలా ఉండి 70 °C దగ్గరే మెత్తబడటం మొదలైతే కంగారు పడకండి. ఆర్థో కొంత కలిసి ఉందని అర్థం. చల్లని మిథనాల్‌తో కొద్దిగా కడిగి, మిథనాల్ నుంచే మళ్లీ స్ఫటికీకరిస్తే కరిగే వ్యవధి కురచవుతుంది. ఊహ తప్పిందని అప్పుడే తీర్మానించకండి. శుద్ధి చేశాక కూడా అంకె కుదరకపోతేనే అనుమానించాలి.

చర్య జరుపుతున్నప్పుడు చల్లదనం తప్పనిసరి. ఆమ్లాల మిశ్రమాన్ని చుక్క చుక్కగా, మంచు తొట్టిలో పెట్టి, 10 °C దాటకుండా కలపాలి. ఉష్ణోగ్రత పెరిగితే రెండో నైట్రో గ్రూపు చేరే అవకాశం, ఆక్సీకరణ రెండూ పెరుగుతాయి. గోధుమ రంగు పొగలు లేస్తే కలపడం ఆపి చల్లారనివ్వండి. ఈ పని పొగలను లాగేసే గూటిలో, కళ్లద్దాలు, చేతి తొడుగులతో, పర్యవేక్షకుల సమక్షంలో మాత్రమే చేయాలి.

నైట్రోఫినాల్‌ల మిశ్రమాన్ని ఆవిరి స్వేదనంతో విడదీయవచ్చు. ఆర్థో ఐసోమర్‌లో –OH, –NO₂ పక్కపక్కనే ఉండి అణువు లోపలే హైడ్రోజన్ బంధం కట్టుకుంటాయి. పక్క అణువులను పట్టుకోవు కాబట్టి అది ఆవిరితో పాటు పైకి వచ్చేస్తుంది. పారా ఐసోమర్ ఇతర అణువులతో బంధాలు కట్టుకుని ఫ్లాస్కులోనే మిగులుతుంది. ఆర్థో 45 °C వద్ద, పారా 114 °C వద్ద కరుగుతాయి.

NMR వర్ణపటం అందుబాటులో ఉంటే పారా ఉత్పన్నం ఇట్టే దొరికిపోతుంది. ఎదురెదురుగా రెండు వేర్వేరు గ్రూపులుంటే, వలయం మీది నాలుగు హైడ్రోజన్లు రెండేసి చొప్పున రెండు జంట గీతలుగా కనిపిస్తాయి.

8. సంశ్లేషణలో ఏది ముందు?

బెంజీన్ నుంచి మెటా-క్లోరో నైట్రోబెంజీన్ తయారు చేయమంటే ముందు నైట్రేషన్, తర్వాత క్లోరినేషన్. పారా-క్లోరో నైట్రోబెంజీన్ కావాలంటే ముందు క్లోరినేషన్, తర్వాత నైట్రేషన్ చేసి ఆర్థోను విడదీయాలి. ఇది తేల్చుకోవడానికి చివరి అణువు నుంచి వెనక్కి నడవండి: రెండు గ్రూపులూ మెటాలో ఉన్నాయి కాబట్టి, మెటాకు పంపేది ముందే వలయం మీద ఉండి తీరాలి.

మీరే చేసి చూడండి

కింది నాలుగింటికీ ప్రధాన ఉత్పన్నం రాసి, తర్వాత జవాబులు చూడండి: బెంజనిలైడ్ (C₆H₅–CO–NH–C₆H₅), పారా-మిథాక్సీ బెంజోయిక్ ఆమ్లం, పారా-టెర్షియరీ బ్యూటైల్ టోలీన్, 4-నైట్రో బైఫినైల్.

బెంజనిలైడ్‌లో నైట్రోజన్ తాకిన వలయం మీద పారా స్థానం. రెండోదానిలో –OCH₃కు ఆర్థో, –COOHకు మెటా అయిన స్థానం. బాణాలు కలుస్తాయి, ఉత్పన్నం 4-మిథాక్సీ-3-నైట్రో బెంజోయిక్ ఆమ్లం. మూడోదానిలో రెండు గ్రూపులూ ఆల్కైల్‌వే, బలంలో పెద్ద తేడా లేదు. కాబట్టి అడ్డు తక్కువున్న మిథైల్ పక్కన చేరుతుంది. నాలుగోదానిలో నైట్రో ఉన్న వలయాన్ని వదిలేసి రెండో వలయం మీద, ప్రధానంగా దాని పారా, ఆర్థో స్థానాల్లో. మొదటి వలయం మీదే మెటా అని రాసి ఉంటే 6వ మెట్టు మళ్లీ చదవండి.